అంకెలు, గీతలు, బాణాలు: పలాస జీడిపిక్కల లెక్కతో ఒక పట్టిక డిజైను సమీక్ష

పలాసలో జీడిపిక్కలు కొనే ఒక వ్యాపారి కోసం తయారైన పట్టిక ఆ మధ్య సమీక్షకు నా దగ్గరికి వచ్చింది. రంగులు బాగున్నాయి, అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ కొట్టులోని గుమస్తా దాన్ని చూస్తున్నప్పుడు చూపుడువేలు తెరమీద పెట్టి, అడ్డంగా జరుపుతూ చదువుతున్నాడు. రెండుసార్లు వేలు పక్క వరుసలోకి జారింది. "ఎక్కువ మొత్తం ఎవరిది?" అని అడిగితే, ప్రతి అంకెలోని కామాలను లెక్కపెట్టి గానీ చెప్పలేకపోయాడు. ఆ రెండు దృశ్యాలు చాలు, పట్టికలో లోపం ఎక్కడుందో తెలియడానికి.

ఈ మార్గదర్శి ఆ పట్టిక చుట్టూ నడుస్తుంది. పట్టిక చదివే కన్ను రెండు పనులు చేస్తుంది. పైనుంచి కిందికి దిగుతూ అంకెలను పోలుస్తుంది, ఎడమనుంచి కుడికి వెళ్తూ ఒక మనిషి లెక్కను చదువుతుంది. క్రమం మార్చాలనుకున్నప్పుడు చెయ్యి శీర్షిక మీదికి వెళుతుంది. ఈ మూడింటినీ ఇదే వరుసలో పరీక్షించాలి. ఒకదాన్ని సరిచేస్తే మరొకటి చెడే సందర్భాలు ఉన్నాయి కాబట్టి, వాటి మధ్య కీళ్ల దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను.

## ముందు అసలైన వరుసలు నింపండి

డిజైనరు పంపిన పట్టికలో అన్ని మొత్తాలూ 12,500, 14,200, 13,800 అన్నట్టు ఒకే పొడవులో ఉన్నాయి. అలాంటి అంకెలు ఎడమకు జరిపినా కుడికి జరిపినా బాగానే కనిపిస్తాయి, లోపం బయటపడదు. అందుకే సమీక్ష మొదలుపెట్టే ముందు ఎగుడుదిగుడు లెక్కలు నింపాలి. ఒక చిన్న రైతు, ఒక పెద్ద రైతు, పైసలతో వచ్చే ఒక మొత్తం, ఖాళీగా ఉన్న ఒక గడి తప్పక ఉండాలి.

పలాస ప్రాంతంలో జీడిపిక్కల ధరను 80 కిలోల బస్తా లెక్కన చెప్పుకుంటారు. ఉదాహరణకు బస్తా ధర 13,500 రూపాయలు అనుకుందాం. మందస నుంచి 12 బస్తాలు, వజ్రపుకొత్తూరు నుంచి 140, కవిటి నుంచి 7, ఇచ్ఛాపురం నుంచి 38 వచ్చాయనుకుందాం. తరుగు కింద వరుసగా 9.5, 108.25, 4, 31.75 కిలోలు తీసేశారు. మందస లెక్క చూడండి: 960 కిలోల్లో 9.5 పోతే 950.5 కిలోలు, కిలోకు 168.75 చొప్పున 1,60,396.88 రూపాయలు. మిగిలినవీ ఇలాగే వస్తాయి.

మండలాల పేర్లను కూడా ఊరికే ఎంచలేదు. వజ్రపుకొత్తూరు పొడవైన పేరు, కింద ఒత్తులున్నది. ఇచ్ఛాపురంలో చకారం కింద ఒత్తు దిగుతుంది. ఈ రెండూ ఒకదాని కింద ఒకటి వస్తే వరుసల మధ్య చోటు సరిపోతుందో లేదో వెంటనే తెలిసిపోతుంది. 'రాము', 'సీత' లాంటి పేర్లతో పరీక్షిస్తే ఆ సంగతి తెలియదు.

## అంకెలు కిందికి చదివి చూడండి

నా దగ్గరికి వచ్చిన పట్టికలో మొత్తాల నిలువు వరుస ఇలా ఎడమ అంచుకు ఆనుకుని ఉంది:

```
1,60,396.88
18,71,732.81
93,825
5,07,642.19
```

ఇందులో మూడో అంకె అన్నిటికంటే చిన్నది. కానీ కన్ను మొదట చూసేది ఎడమ అంచు కాబట్టి 93 అనేది 18 కంటే పెద్దదిగా తోస్తుంది. గుమస్తా కామాలు లెక్కపెట్టాల్సి వచ్చింది ఇందుకే. ఇదే వరుసను కుడి అంచుకు చేర్చి, అన్నిటికీ రెండు దశాంశ స్థానాలు ఇస్తే ఇలా అవుతుంది:

```
 1,60,396.88
18,71,732.81
   93,825.00
 5,07,642.19
```

ఇప్పుడు లక్షల కామా కింద లక్షల కామా, వేల కామా కింద వేల కామా, చుక్క కింద చుక్క పడ్డాయి. ఎడమవైపు ఎంత ముందుకు పొడుచుకు వస్తే అంత పెద్ద మొత్తం. చదవకుండానే పోల్చవచ్చు.

ఇక్కడ రెండు పనులు జరిగాయన్నది గమనించాలి. కుడికి చేర్చడం ఒకటి, దశాంశ స్థానాలను సమం చేయడం మరొకటి. మొదటిది మాత్రమే చేస్తే 93,825 లోని చివరి 5 వెళ్లి పక్క వరుసలోని పైసల కింద నిలబడుతుంది. అప్పుడు పోలిక ముందుకంటే ఎక్కువగా చెడుతుంది. తరుగు నిలువు వరుసలో అచ్చంగా ఇదే జరిగింది: 9.5, 108.25, 4, 31.75 కుడి అంచుకు చేరాయి గానీ చుక్కలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చుక్కను బట్టి సర్దే ఏర్పాటు ఏదీ ఇప్పటి బ్రౌజర్లలో పనిచేయదు కాబట్టి, ఒక నిలువు వరుసలో అన్ని అంకెలకూ ఒకే సంఖ్యలో దశాంశ స్థానాలు ఇవ్వడమే మార్గం. 9.50, 108.25, 4.00, 31.75 అని రాయమని సమీక్షలో అడగండి. పైసలు ఎవరికీ అక్కరలేని నిలువు వరుస అయితే అన్నిటికీ తీసేయమనండి. కొన్నిటికి ఉంచి కొన్నిటికి తీసేయడం మాత్రం కుదరదు.

కామాలు ఎక్కడ పడుతున్నాయో కూడా చూడాలి. కొన్ని తయారీ పరికరాలు మొదటి నుంచి అమెరికా పద్ధతిలో 1,871,732.81 అని చూపిస్తాయి. లక్షల్లో ఆలోచించే మన కంటికి అది పద్దెనిమిది లక్షలుగా అందదు. దీన్ని సరిచేయడానికి ప్రోగ్రామరుకు ఇంత చెబితే చాలు:

```js
new Intl.NumberFormat('te-IN', {
  minimumFractionDigits: 2,
  maximumFractionDigits: 2
}).format(1871732.81)   // 18,71,732.81
```

ఇంత చేసినా చుక్కలు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నాయనిపిస్తే, తప్పు ఫాంటుది. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. వ్యాసంలో అది అందం, పట్టికలో అవరోధం. పరీక్ష సులువే: ఒక గడిలో 1111.11, దాని కింది గడిలో 8888.88 పెట్టి చూడండి. రెండూ ఒకే వెడల్పులో ఉంటే సరే. లేకపోతే ఈ రెండు పంక్తులు కావాలి:

```css
.num { text-align: end;
       font-variant-numeric: tabular-nums; }
```

ఈ రెండో పంక్తి రాసినా ఏమీ మారని సందర్భం తెలుగు పట్టికల్లో తరచూ ఎదురవుతుంది. సమాన వెడల్పు అంకెలు ఫాంటులోనే ఉంటే తప్ప ఆ ఆదేశం పనిచేయదు. డిజైనరు ఒక ఇంగ్లిష్ ఫాంటును మనసులో పెట్టుకుని గీసి ఉంటారు. కానీ పేజీలో తెలుగు ఫాంటు పేరు ముందు రాసి, అందులో అంకెలు కూడా ఉంటే, అంకెలు దాని నుంచే వస్తాయి. నిజంగా ఏ ఫాంటు వాడుతున్నారో క్రోమ్ బ్రౌజరు పరిశీలన పలకలో `Rendered Fonts` అన్న చోట కనిపిస్తుంది. ఊహించకుండా అక్కడ చూసి రాయండి.

శీర్షిక కూడా దాని అంకెలు ఎటు ఉంటే అటే ఉండాలి. 'మొత్తం' అన్న మాట ఎడమన, అంకెలు కుడిన ఉంటే, నిలువు వరుస వెడల్పుగా ఉన్నప్పుడు ఆ మాట పక్క నిలువు వరుసకు చెందినట్టు కనిపిస్తుంది. రూపాయి గుర్తును, కిలో అన్న మాటను ప్రతి గడిలో రాయకుండా శీర్షికలో ఒక్కసారి రాస్తే అంకెల కుడి అంచు శుభ్రంగా ఉంటుంది. వాపసు ఇచ్చిన సరుకుకు వచ్చే రుణ సంఖ్యలను కుండలీకరణాల్లో పెట్టే అలవాటు ఉంటే జాగ్రత్త. మూసే కుండలీకరణం ఆ అంకెను లోపలికి నెట్టి చుక్కను తప్పిస్తుంది. ముందు మైనస్ గుర్తు పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

## అంకెలా కనిపించే ప్రతిదీ అంకె కాదు

ఇదే వ్యాపారి దగ్గర జీడిపప్పు నిల్వలకు మరో పట్టిక ఉంది. అందులో W180, W210, W240, W320 అని గ్రేడ్లు ఉంటాయి. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎక్కువలో ఎక్కువ ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ సంఖ్య చెబుతుంది. కాబట్టి సంఖ్య తగ్గేకొద్దీ గుండు పెద్దది. వీటిని ఎవరూ కూడరు, తీసివేయరు. ఇవి పేర్లు. పేర్లను ఎడమకే ఉంచాలి. చీటీ నంబరు, ఫోను నంబరు కూడా అంతే.

అనుమానం వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ నిలువు వరుస అడుగున కూడిక గానీ సగటు గానీ వేస్తే దానికి అర్థం ఉంటుందా? బస్తాలకు ఉంటుంది, చీటీ నంబర్లకు ఉండదు. బస్తా ధరకు కూడిక అర్థం లేకపోయినా సగటుకు ఉంది కాబట్టి అది కుడికే వెళుతుంది.

## వరుస పొడవునా అడ్డంగా చదవండి

ఇప్పుడు గుమస్తా వేలు సంగతి. వేలు పెట్టకుండా చదవగలరా అన్నది చూడటానికి, పట్టిక మధ్యలో ఒక మండలం పేరు చెప్పి దాని మొత్తం ఎంతో అడగండి. అదీ నలుపు తెలుపులో, మామూలు కంటే కాస్త దూరంగా కూర్చుని.

ఆ పట్టికలో వరుసలను వేరు చేసింది ఒక వరుస తెలుపు, ఒక వరుస లేత బూడిద రంగు. చాలామందికి ఇది ఇష్టం, నాకూ చూడటానికి ఇష్టమే. కానీ ఈ కొట్టులో అది మూడు చోట్ల తప్పింది. కాటా దగ్గర ఎండలో ఫోను తెర మీద ఆ లేత రంగు కనిపించనే లేదు. సాయంత్రం లెక్క కాగితం మీద అచ్చు వేస్తే, బ్రౌజర్లు మామూలుగా వెనుక రంగులను అచ్చు వేయవు కాబట్టి వరుసల మధ్య ఏమీ మిగలలేదు. మూడోది మరింత లోతైనది. ఒక్క మందస మండలం చీటీలనే చూపించమని వడకట్టినప్పుడు రెండు బూడిద వరుసలు పక్కపక్కనే వచ్చాయి, ఆ తర్వాత మూడు తెల్లవి వచ్చాయి. రంగు వేసే ఆదేశం దాచిన వరుసలను కూడా లెక్కలో కలుపుకుంటోంది. అలా ఒకే రంగులో కలిసిపోయిన వరుసలను చూసి, అవేవో ఒకే రైతువి అనుకునే ప్రమాదం ఉంది.

అందుకే నేను సూచించింది ప్రతి వరుస కింద ఒక సన్నని గీత. గీత అచ్చులో మిగులుతుంది, వడకట్టినా చెదరదు. ఎంచుకున్న వరుసకు, బాకీ ఉన్న వరుసకు రంగు వేయాలన్నా అడ్డు రాదు. నిలువు గీతలు మాత్రం వద్దన్నాను. అంకెలు కుడికి సరిగ్గా చేరితే వాటి అంచే నిలువు గీత పని చేస్తుంది. రెండూ ఉంటే గళ్ల నోటుపుస్తకంలా మారి అంకెలకంటే గీతలు ముందు కనిపిస్తాయి.

గీత ఎంత ముదురుగా ఉండాలంటే, వెతికితే కనిపించాలి, వెతకకుండా కంటికి గుచ్చుకోకూడదు. తెల్లటి నేల మీద `#bdbdbd` దగ్గర మొదలుపెట్టి, ఆరుబయట ఫోనులో చూసి సర్దుకోమని చెప్పాను. కార్యాలయంలోని పెద్ద తెర మీద నిర్ణయించకూడదు.

గీతకంటే ముఖ్యమైనది వరుస ఎత్తు, అందులోనూ తెలుగుకు. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా పంక్తి ఎత్తును 1.2 గా పెడితే, వజ్రపుకొత్తూరు అడుగు ఒత్తు కింద గీతను తాకుతుంది, లేదా కింది వరుసలోని గుడిని తాకుతుంది. ఇలా పెట్టి చూడమన్నాను:

```css
td { line-height: 1.6; padding: 8px 12px;
     vertical-align: baseline;
     border-bottom: 1px solid #bdbdbd; }
```

16 పిక్సెళ్ల అక్షరానికి ఇది దాదాపు 43 పిక్సెళ్ల వరుస అవుతుంది. తెర మీద వరుసలు తగ్గుతాయన్నది నిజం. డిజైనరు అదే అభ్యంతరం చెప్పారు. చోటు చాలకపోతే పైన కింద ఉన్న ఖాళీని 8 నుంచి 5 కు తగ్గించవచ్చు గానీ, పంక్తి ఎత్తును తగ్గించవద్దన్నాను. ఫోనులో ఆ పేరు రెండు పంక్తులుగా విరిగినప్పుడు ఆ రెండు పంక్తుల మధ్య దూరం కంటే రెండు వరుసల మధ్య దూరం స్పష్టంగా ఎక్కువ ఉండాలి. లేకపోతే రెండో పంక్తి వేరే మండలం పేరులా కనిపిస్తుంది. `baseline` అని రాసింది కూడా ఇందుకే: పేరు రెండు పంక్తులైనా అంకె మొదటి పంక్తికి ఎదురుగానే నిలబడుతుంది.

వేలు పక్క వరుసలోకి జారడానికి మరో కారణం గీతల్లో లేదు, వెడల్పులో ఉంది. పట్టికను తెర మొత్తం సాగదీయడంతో మండలం పేరుకు, బస్తాల అంకెకు మధ్య జానెడు ఖాళీ వచ్చింది. కన్ను దారి తప్పేది ఆ ఖాళీలోనే. పట్టిక దాని సరుకుకు తగినంత వెడల్పే ఉండి, మిగిలిన చోటు కుడివైపు ఖాళీగా వదిలేస్తే సగం సమస్య గీత లేకుండానే తీరుతుంది.

## శీర్షికను నొక్కవచ్చని ఎలా తెలుస్తుంది

ఆ పట్టికలో ఐదు నిలువు వరుసలను క్రమంలో పెట్టుకునే వీలుంది. గుమస్తాకు ఒక్కటీ తెలియదు. మౌసును శీర్షిక మీదికి తెస్తేనే బాణం కనిపించేలా చేశారు. అతను వాడేది ఫోను, ఫోనులో మౌసు లేదు.

ఇక్కడ మూడు స్థితులు వేర్వేరుగా కనిపించాలి. నొక్కితే క్రమం మారే శీర్షికకు ఎప్పుడూ కనిపించే మసక జంట బాణం ఉండాలి. ఇప్పుడు దేని ప్రకారం క్రమం ఉందో ఆ శీర్షికకు ఒకే ముదురు బాణం ఉండాలి. క్రమం మార్చే వీలులేని శీర్షికకు ఏమీ ఉండకూడదు. మసక బాణమంటే కనిపించనంత మసక కాదు. ఇలాంటి గుర్తుకు నేలతో కనీసం 3:1 వ్యత్యాసం ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు అడుగుతాయి. తెలుపు మీద `#767676` దాన్ని సులువుగా దాటుతుంది. నొక్కే చోటు బాణం మాత్రమే కాకుండా శీర్షిక మాట మొత్తం కావాలి.

బాణం ఇప్పటి స్థితిని చెప్పాలి, నొక్కితే ఏమవుతుందో చెప్పకూడదు. ఈ పట్టికలో అది తిరగబడి ఉంది. పెద్ద మొత్తం పైన ఉన్నప్పుడు పైకి చూసే బాణం కనిపించింది, నొక్కితే చిన్నవి పైకి వస్తాయన్న అర్థంలో. పరీక్షించేటప్పుడు నొక్కకుండా బాణాన్ని మాత్రమే చూసి పైన చిన్నది ఉందా పెద్దది ఉందా చెప్పమని ఇద్దరిని అడగండి. వారి జవాబు తెరతో సరిపోకపోతే బాణం తప్పు.

కీలు ఇక్కడుంది. అంకెల శీర్షికలు కుడికి జరిగాయి కదా, బాణాన్ని మాట తర్వాత పెడితే 'మొత్తం' అన్న మాట బాణమంత లోపలికి జరిగి, దాని కింది అంకెల అంచుతో తప్పిపోతుంది. బాణం వచ్చినప్పుడు ఒకలా, పోయినప్పుడు ఒకలా మాట కదులుతుంది కూడా. కుడికి చేరిన శీర్షికల్లో బాణాన్ని మాటకు ముందు, ఎడమవైపు పెట్టండి:

```html
<th scope="col" class="num" aria-sort="descending">
  <button type="button">
    <span aria-hidden="true">▼</span> మొత్తం (₹)
  </button>
</th>
```

`aria-sort` అన్నది చూపులేని వారికి తెర చదివి వినిపించే సాఫ్టువేరు కోసం. క్రమం మారినప్పుడు పాత శీర్షిక నుంచి దాన్ని తీసి కొత్తదానికి పెట్టాలి. రెండింటి మీదా మిగిలిపోవడం తరచూ కనిపించే లోపం.

గ్రేడ్ల పట్టికలో బాణానికి ఇంకో చిక్కు ఉంది. W180 నుంచి W320 కి ఎక్కే క్రమం అంకెల్లో ఆరోహణ, గుండు పరిమాణంలో అవరోహణ. బాణం ఒక్కటే దాన్ని విడమర్చి చెప్పలేదు. పట్టిక పైన 'పెద్ద గుండు ముందు' అని ఒక చిన్న మాట రాయమన్నాను.

## నొక్కి, వచ్చిన క్రమాన్ని చేత్తో సరిచూడండి

బాణం సరిగ్గా ఉన్నా క్రమం తప్పు కావచ్చు. మొత్తాల శీర్షిక నొక్కి, చిన్నవి పైకి తెమ్మంటే మన నాలుగు వరుసలు ఇలా వచ్చాయి:

```
 1,60,396.88
18,71,732.81
 5,07,642.19
   93,825.00
```

అన్నిటికంటే చిన్నది అడుగున, అన్నిటికంటే పెద్దది రెండో చోట ఉన్నాయి. ప్రోగ్రాము వీటిని అంకెలుగా కాక అక్షరాలుగా పోల్చింది. మొదటి అక్షరం 1, 1, 5, 9 అన్న వరుసలో పెట్టేసింది. కామాలు పెట్టిన రూపం చూపించడానికే. పోల్చడానికి కామాలు లేని అసలు విలువను విడిగా ఉంచుకోవాలి. తేదీలకూ ఇదే తెగులు వస్తుంది. 05-06 అన్నది 28-04 కంటే ముందు నిలబడితే, తేదీని అక్షరాలుగా పోల్చారని అర్థం. అంకెలు కుడికి చేరి ఉన్నాయి కాబట్టే ఈ లోపం ఒక్క చూపుకు దొరికింది, ఎడమ అంచు మెట్లుమెట్లుగా పెరగలేదు. ఎడమకు ఆనించిన పాత రూపంలో మొదటి అంకెలు 1, 1, 5, 9 అని చూసి సరిగ్గానే ఉందనుకుని ఉండేవాళ్లం.

చివరగా మూడు నొక్కుళ్లు నొక్కి చూడాలి. తరుగు శీర్షికను రెండుసార్లు నొక్కండి. ఇంకా కాటా పడని సరుకుకు తరుగు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ వరుస రెండు క్రమాల్లోనూ అడుగునే ఉండాలి. అది సున్నాగా మారి పైకి వస్తే, తరుగే లేని మంచి సరుకు అని చదువుకునే అవకాశం ఉంది. ఆ రెండు క్రమాల్లోనూ రోజు మొత్తం వరుస అడుగున కదలకుండా ఉందా చూడండి. ఈ పట్టికలో అది కూడా ఒక రైతు చీటీలా మిగతా వాటిలో కలిసి పైకి వెళ్లిపోయింది. దాన్ని `tfoot` లోకి మార్చి, పైన కాస్త ముదురు గీత పెట్టమన్నాను. మూడో నొక్కు మండలం శీర్షిక మీద. మొదట ప్రతి రోజు చివర ఒక ముదురు గీత ఉండేది, తేదీ క్రమంలో అది ఎంతో ఉపయోగం. మండలం క్రమంలోకి మారగానే ఆ గీతలు అర్థం లేకుండా ఎక్కడెక్కడో పడ్డాయి. తేదీ క్రమంలో ఉన్నప్పుడే ఆ గీతలు రావాలి, మిగతా క్రమాల్లో అన్ని గీతలూ సమానంగా ఉండాలి.

నేను పంపిన సమీక్ష పత్రంలో ముందు రాసినవి తప్పు క్రమం, పైకి వెళ్లిన మొత్తం వరుస. ఎందుకంటే వాటివల్ల డబ్బు తప్పుగా చేతులు మారవచ్చు. తర్వాత అంకెల అంచు, ఆ తర్వాత వరుస ఎత్తు, బాణాలు, గీత రంగు. ప్రతిదాని పక్కన తెర బొమ్మ, నొక్కిన క్రమం, రావలసిన ఫలితం రాశాను. సరిచేసిన పట్టిక తిరిగి వచ్చాక అవే నాలుగు మండలాలు, అవే అంకెలతో మళ్లీ కాటా దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్కువ మొత్తం ఎవరిదని అడిగితే ఈసారి గుమస్తా 'మొత్తం' అన్న మాటను తనే నొక్కి, పైనున్న వజ్రపుకొత్తూరు వరుసను అటు నుంచి ఇటు చదివాడు. చదువుతున్నప్పుడు వేలు తెర మీద పెట్టలేదు.